నాలుగు చుక్కల కనుపాప

ఆమె మొదట అడిగింది ధర కాదు, సైజు కాదు. ఫోన్‌లో ఉన్న తల్లి ఫోటో తెరిచి నా ముందు పెట్టి, "అన్నా, కండ్లు మంచిగ వస్తయా?" అని అడిగింది.

కరీంనగర్‌లో ఫ్లెక్స్ దుకాణం నడుపుతూ నేను ఎన్నో ముఖాలను పెద్దవి చేశాను. పుట్టినరోజు నాయకులవి, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లవి, పోయినవాళ్లవి. అందరూ అడిగేది ఒకటే, ఇంకా పెద్దగా ఉండాలని. మనిషికి ఇచ్చే గౌరవాన్ని అడుగుల్లో కొలిచే అలవాటు మన చౌరస్తాలకు ఎప్పుడు పట్టిందో గాని, అది పట్టాక ముఖం ఎవరిదన్న సంగతి వెనక్కి పోయింది. కళ్ల గురించి అడిగిన మనిషి అంతకుముందు నా దగ్గరికి రాలేదు. అందుకే కారణం అడిగాను.

ఆమెది హుస్నాబాద్ అవతల ఒక ఊరు. పెళ్లయ్యాక నస్పూర్‌లో ఉంటోంది. తల్లి ఊళ్లోనే ఉండి బీడీలు చుట్టి బతికింది. ఒక ఏడాది వరసగా ఇద్దరు పిల్లలకు జ్వరాలొచ్చి తగ్గకపోతే, వాటికి కారణం ఆమె చూపేనని ఊరు తేల్చేసింది. ఎవరూ రక్త పరీక్ష అడగలేదు. నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని కూడా అడగలేదు. ఆమె కళ్లే కారణమన్నారు. ఆమె ఎదురైతే పిల్లల ముఖాలకు కొంగు కప్పేవారు. చివరికి ఇంటిమీద రాళ్లు పడితే కూతురు వచ్చి నస్పూర్‌కు తీసుకుపోయింది. అక్కడే కామెర్లు ముదిరి ఆమె చనిపోయింది. పెద్దకర్మ మాత్రం ఊళ్లోనే, మేనమామ ఇంట్లో చేస్తున్నారు. ఆ రోజు ఊరి చౌరస్తాలో తల్లి ముఖం ఉండాలని కూతురి పట్టుదల.

"రెండేండ్లు ఎవ్వలు మా అవ్వ మొకం దిక్కు చూడలే అన్నా. ఒక్కసారి చూడాలె. మనిషి మొకమే గదా అని తెల్వాలె."

మాది వాదాలు నడిచిన ఇల్లు. అన్నం ముందు కూర్చున్నా మా బాపు "రుజువేది?" అని అడిగేవాడు. బాణామతి మీద, చేతబడి మీద నేను చాలా వ్యాసాలు రాశాను, సభల్లో గొంతు చించుకున్నాను. ఆమె మాట విన్నాక, నా వాదం కన్నా ఆమె అడుగుతున్న రుజువే బలమైనదనిపించింది. ఒక ముఖం, చక్కగా కనిపించేటట్టు. అంతే. కాబట్టి అది చక్కగా రావాలి.

ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అది పాస్‌పోర్ట్ ఫోటోను చేత్తో పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫోటో. దాన్ని ఎవరికో పంపారు, వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపారు, అది తిరిగి తిరిగి ఈమెకే చేరింది. చేయి మారినప్పుడల్లా బొమ్మ కొంత నలిగింది. ముఖం వెడల్పు డెబ్బై పిక్సెళ్లకు మించి లేదు. పిక్సెల్ అంటే చుక్క. ఒక్కో చుక్కకు ఒక్క రంగే. ఆ డెబ్బైలో కనుపాప వాటా నాలుగు.

కూతురి వెంట వచ్చిన మేనమామ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాల. అక్క పోయిన దుఃఖం కన్నా అక్కను ఊరు వెళ్లగొట్టిన అవమానమే ఆయన ముఖంలో ఎక్కువగా కనిపించింది.

"ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు కొట్టు తమ్మి. అండ్ల మొకమే నాలుగు అడుగులుండాలె," అన్నాడు.

"గింత చిన్న ఫోటోతోని నాలుగు అడుగులు రాదు కాకా."

"ఎందుకు రాదు? మూడు వందల డీపీఐ పెట్టు, అదే వస్తది. హుస్నాబాద్‌ల మా దోస్తు పోరడు గట్లనే చెప్పిండు."

ఆ మూడు వందలు మా పనిలో ఒక మంత్రమైపోయింది. తెలిసినవాడూ అంటాడు, తెలియనివాడూ అంటాడు. అంగుళానికి ఎన్ని చుక్కలు పరచాలో చెప్పే అంకె అది. చుక్కలను పుట్టించే అంకె కాదు. డెబ్బై చుక్కలున్న ముఖానికి తెర మీది డీపీఐ గడిలో మూడు వందలని రాస్తే కంప్యూటర్ రెండే పనులు చేయగలదు. ఉన్న డెబ్బైని పావు అంగుళంలోకి కుదిస్తుంది, లేదా పక్కపక్క రంగులను కలిపి మధ్యలో నకిలీ చుక్కలు నింపుతుంది. ఫైల్ బరువెక్కుతుంది, మెషిన్ ముక్కుతుంది, ముఖం మాత్రం అంతే ఉంటుంది.

ఇదంతా చెప్పాను. మాటలతో ఒప్పుకునే మనిషి కాదాయన. నాలుగు అడుగులంటే నలభై ఎనిమిది అంగుళాలు; డెబ్బై చుక్కలను అంత మేర పరిస్తే ఒక్కో చుక్క బొటనవేలి గోరంత అవుతుందని, గోరు చూపించి మరీ చెప్పాను. ఆయన నా గోరు వైపు కాకుండా నా ముఖం వైపు చూశాడు. చేసి చూపించడమే మిగిలింది. ముఖం మొత్తాన్ని కాకుండా కళ్లున్న పట్టీని మాత్రం ఆ నాలుగు అడుగుల లెక్కన పెంచి, మిగిలిపోయిన ఫ్లెక్స్ ముక్క మీద కొట్టాను. ఇంకు ఆరకముందే తీసుకుపోయి ఎదుటి గోడకు పట్టాను.

కళ్లు లేవు. రెండు నల్లటి గుంతలున్నాయి. తెల్లగుడ్డు, రెప్ప, కనుపాప అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగి మసక మరకలయ్యాయి. ఎవరు భయపడాలనుకున్నా సరిపోయే కళ్లు అవి.

కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "వద్దు మామ. గిది కడితే వాళ్ల మాటే నిజమైతది."

మేనమామ ఆ ముక్క నుంచి నా కంప్యూటర్ వైపు తిరిగి, "ఇప్పుడు ఏఐ అని వచ్చిందట గదా. అది సాఫ్ జేస్తదట," అన్నాడు. ఆశతో అడిగాడు. కాదనలేక చేశాను.

నిమిషంలో ఒక ముఖం వచ్చింది. నున్నటి చెంపలు, తడిగా మెరిసే కళ్లు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగే రెప్పవెంట్రుకలు. మేనమామ ముఖం విప్పారింది. "ఇగో, గిట్ల గదా!"

కూతురు తెర దగ్గరికి వంగి చూసి, "మామ, మీ అక్క గింత తెల్లగ ఎన్నడుండె?" అంది.

ఆయన ఒక్కసారి గట్టిగా నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. "అవును బిడ్డా. పెండ్లిల పసుపు రాసినప్పుడు గూడ గింత లేకుండె."

"గదుమ మీద పచ్చబొట్టు ఏది? పండ్లెందుకు కనవడ్తున్నయి? గిది మా అవ్వ కాదన్నా. ఎవలో సీరియల్ల అత్త."

ఆమె చెప్పింది నిజం. గడ్డం మీది పచ్చబొట్టును ఆ యంత్రం మరకనుకుని తుడిచేసింది. మూసిన పెదవుల మధ్య గీతను పళ్లుగా మార్చింది. ఈ తల్లిని అదెన్నడూ చూడలేదు. వేరే వేల ముఖాలను చూసి, ఇక్కడ ఇట్లాంటి కళ్లుంటాయని ఊహించి అతికించింది. పిల్లల జ్వరానికి కారణం తెలియనప్పుడు ఊరు చేసింది కూడా ఇదే; తెలియని చోట తమకు అలవాటైన బొమ్మ అతికించారు. నాకు కోపమొచ్చింది. యంత్రం మీద కోపగించి లాభమేముంది? ఆ ముఖాన్ని తుడిచేశాను.

"అసలు ఫోటో ఏడుంది చెల్లె? ఇది ఫోటోకు తీసిన ఫోటో. కాయితం మీది ఫోటో కావాలె."

"గది నా తానే ఉన్నది," అంది ఆమె, ఇంత మాత్రానికి ఇంతసేపా అన్నట్టు. ఫోన్‌ను బోర్లించింది. వెనక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ లోపల, అరచేతిలో ఇన్నాళ్లూ మోసుకు తిరుగుతున్న పాస్‌పోర్ట్ ఫోటో. మా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది ఇట్లాగే చేస్తారు. అసలును ఒంటి మీద పెట్టుకుని దాని నీడను పంపుతారు. పంపడమంటే ఫోన్లో పంపడమేనని అలవాటైపోయింది.

కవర్‌ను ఫోన్ నుంచి ఊడదీశాం. ఫోటో మాత్రం రాలేదు. చెమటకు, వేడికి దాని నున్నటి ముఖం ప్లాస్టిక్‌కు అతుక్కుపోయింది. ఒక మూల గోరుతో కదిపితే రంగు పొర లేస్తోంది. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"గుంజకన్నా. ఉన్నది గిదొక్కటే."

గుంజలేదు. కత్తెరతో ఫోటో చుట్టూ కవర్‌నే కత్తిరించాను. ప్లాస్టిక్‌తో సహా స్కానర్ మీద బోర్లా పెట్టి, మెల్లగా అద్దానికి అదిమి, అంగుళానికి ఆరు వందల చొప్పున స్కాన్ చేశాను. అంతకన్నా పెంచితే వచ్చేది కాగితం గరుకు, ప్లాస్టిక్ గీతలు, ముఖం కాదు. స్టూడియోవాడు కాగితం మీద వేసిందే అంగుళానికి మూడు వందల వివరం. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న ఆ ముఖంలో నిజమైన చుక్కలు రెండు వందల నలభై దాకా ఉంటాయి. డెబ్బై ఎక్కడ, ఇది ఎక్కడ.

తెర మీద ఆమె వచ్చింది. పచ్చబొట్టు ఉంది. కుడి కంటి కింద చిన్న మచ్చ ఉంది. పెదవుల చివరలు లోపలికి బిగించి ఉన్నాయి.

"గీ ఫోటో దిగినప్పుడు నేను పక్కనే ఉన్న," అంది కూతురు. "ఫోటో తీసేటాయన నవ్వొద్దమ్మా అన్నడు. గట్ల అన్నంక మా అవ్వకు నవ్వు ఆగుతలేదు. గదాన్ని బిగవట్టింది చూడు."

కళ్లలో ఆ నవ్వు ఉంది. నిజంగానే ఉంది. అది పోకుండా ముఖాన్ని ఎంత పెంచవచ్చన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

పాస్‌పోర్ట్ ఫోటోను అరచేతిలో పట్టుకుని చూస్తాం కాబట్టి అంగుళానికి మూడు వందలు కావాలి. చౌరస్తాలో ఫ్లెక్స్‌ను రోడ్డు అవతల నుంచి చూస్తారు. ఇరవై అడుగుల దూరాన అంగుళానికి పన్నెండు, పదమూడు చుక్కలకు మించి కన్ను విడదీయలేదు. రెండు వందల నలభైని పదమూడుతో భాగిస్తే పద్దెనిమిది అంగుళాలు. అంటే ముఖం అడుగున్నర. అంతవరకు ఆమె ఆమెగానే ఉంటుంది. అక్కడినుంచి పెంచిన ప్రతి అంగుళానికీ ఆ నవ్వు కొంత కరుగుతుంది.

కాన్వాస్, అంటే మొత్తం ఫ్లెక్స్ కొలత, మాత్రం ఆయన అడిగినంతే పెట్టాను. ఎనిమిది అడుగులు, ఆరడుగులు, అంగుళానికి డెబ్బై రెండు చొప్పున. ఆరువేల తొమ్మిది వందల పన్నెండు పిక్సెళ్ల వెడల్పు, అయిదువేల నూట ఎనభై నాలుగు ఎత్తు. ఫ్లెక్స్ మెషిన్‌కు అది చాలు. పేరును అడుగున్నర ఎత్తు అక్షరాల్లో పెట్టాను. అక్షరాలు చుక్కలతో కాక గీతల లెక్కతో ఉంటాయి, ఎంత పెంచినా పదును పోదు. వెనక లేత బూడిద రంగు. దేవుళ్లు, దీపాలు, పావురాలు పెట్టలేదు. మధ్యలో అడుగున్నర ముఖం.

మేనమామకు నచ్చలేదు.

"గింత జాగల గింత మొకమా? మా అక్కను ఎల్లగొట్టినోళ్ల ముసలాయన పోతే గదే చౌరస్తాల నిలువెత్తు కట్టిండ్రు. మాది చిన్నగ కడితే ఎట్లుంటది? తప్పు ఒప్పుకొని దాసుకున్నట్టుంటది."

"పెద్దగ చేస్తే ఆమె ఆమెలెక్క ఉండదు కాకా. మీరే చూసిండ్రు గదా."

"నీకు మెషిన్ తెలుసు తమ్మి. ఊరు తెల్వదు," అని ఆయన బయటికి నడిచాడు.

కూతురు మాత్రం చిన్నదే కొట్టమంది. పెద్దకర్మ రోజు పొద్దున నేనే తెచ్చి కడతానని మాటిచ్చాను. ఆ ఊరిని చూడాలనీ ఉంది.

చుట్టిన ఫ్లెక్స్‌ను బండి వెనక కట్టుకుని వెళ్లేసరికి చౌరస్తాలో అప్పటికే ఒకటి నిలబడి ఉంది. మేనమామ ముందురోజే హుస్నాబాద్‌లో కొట్టించాడు. ఎనిమిది అడుగుల ఫ్లెక్స్, నాలుగు అడుగుల ముఖం. తన ఫోన్లో ఉన్న అదే నలిగిన ఫోటో ఇచ్చాడు. అక్కడివాళ్లు పెంచి, మసక కనపడకూడదని పదును కూడా పెట్టారు. లేని వివరానికి పదును పెడితే అంచులు మాత్రమే ముదురుతాయి. నల్లటి గుంతల చుట్టూ తెల్లటి వలయాలు లేచాయి. నవ్వు బిగబట్టిన పెదవులు ఒక నల్లటి గీతయ్యాయి. పచ్చబొట్టు గడ్డం మీద గాయంలా ఉంది.

దాని కింద ఎవరో నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది పెట్టిపోయారు.

కూతురు ఏడవలేదు. మేనమామ చేయి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకుపోయింది. "ఇక్కడికెళ్లి చూడు మామ. దగ్గరికెళ్లి కాదు, ఊరోళ్లు చూసే జాగల నిలవడి చూడు."

ఆయన చూశాడు. ఒక స్త్రీ బిందెతో వస్తూ ఫ్లెక్స్ కనబడగానే పక్కనున్న పిల్ల ముఖానికి కొంగు కప్పింది. ఇన్నాళ్లూ ఆయన అక్కకు జరిగిందే ఆయన కట్టిన బొమ్మకు జరిగింది. తువ్వాల భుజం మీంచి తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత వచ్చి, తాళ్లు తానే కోసి, దాన్ని కిందికి దించి బోర్లా మడిచాడు. నిమ్మకాయలను కాలితో మోరీలోకి నెట్టాడు. మేమిద్దరం కలిసి నాది కట్టాం.

అది బాగుంది. నా పని గురించి నేను చెప్పుకోవడం కాదు; రోడ్డు అవతల నుంచి ఆ ముఖం బతికే ఉంది. నవ్వొద్దంటే నవ్వాపుకుంటున్న మనిషి. నేను అక్కడే ఒక షెడ్డు కింద కూర్చుని చూశాను. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఎవరూ తలెత్తలేదు. పొద్దున్నే పెద్దదాన్ని చూసినవాళ్లకు ఇక రెండోదాన్ని చూసే అవసరం లేకపోయింది. కొందరు ఆ మలుపు తప్పించి పక్క సందులోంచి పోయారు. ఇన్నేళ్లు సభల్లో నేను చెప్పింది ఏమంటే, చూపిస్తే జనం చూస్తారని. చూపించాం. ముఖం తిప్పుకున్నవాడికి ఎన్ని చుక్కలు పెట్టినా ఒకటే.

మధ్యాహ్నానికి ఒక ముసలామె వచ్చింది. చంకలో బీడీ ఆకుల చేట. చనిపోయినామె పక్కన కూర్చుని ఏళ్ల తరబడి బీడీలు చుట్టిందట. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, ఫ్లెక్స్‌కు ముక్కు తగిలేంత దగ్గరికి పోయింది.

"ఏమి కనవడ్తలేదు బిడ్డా. అన్ని చుక్కలే."

కూతురు ఆమె రెక్క పట్టుకుంది. "జర ఎనుకకు రా పెద్దవ్వా. ఇంక జర. ఆఁ, ఇగ చూడు."

రోడ్డు అంచుకు వచ్చాక ముసలామె ఆగింది. చేట కింద పెట్టింది.

"ఓసి నీ... ఇగ నవ్వుతది చూడు. బీడీల లెక్క తప్పు వోతే గిట్లనే మూతి బిగవడ్తుండె."

అంతలో దూరాన బండి చప్పుడు వినపడింది. ఆమె చేట ఎత్తుకుని, మేము ఎవరమో తెలియనట్టు నడిచిపోయింది.

కొన్ని రోజులకు కూతురు నస్పూర్ నుంచి మళ్లీ దుకాణానికి వచ్చింది. ఫ్లెక్స్‌ను ఎవరో తీసేశారట. మక్కజొన్నల కుప్ప మీద కప్పారట.

"మొకం లోపటికి చేసి కప్పిండ్రన్నా. మామ పోయి అడిగిండు. పిల్లలు భయపడ్తరని గట్ల చేసినమన్నరట."

ఆ ముఖంలో భయపెట్టేది ఒక్క చుక్క కూడా లేదని నాకు తెలుసు. ప్రతి చుక్కా నేను చూసి పెట్టిందే.

"ఆ స్కాన్ ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది. ఏ సైజు కావాలె?"

"పాస్‌పోర్ట్ సైజే."

ఆ సైజుకు ఏదీ లెక్కపెట్టే పని లేదు. ఉన్నదంతా ఉన్నచోటే సరిపోతుంది. ప్లాస్టిక్ గీతలు రెండు చెరిపి, అంగుళానికి మూడు వందల చొప్పున ఒక కాగితం మీద ఎనిమిది వేశాను. కత్తిరించి ఇస్తే, ఈసారి అతుక్కోకుండా పల్చటి కాగితం అడ్డం పెట్టి ఒకటి కొత్త కవర్లో పెట్టుకుంది. ఇంకొకటి విడిగా పొట్లం కట్టింది.

"గిది పెద్దవ్వకు. ఫోన్ చేసి అడిగింది. ఎవ్వలకు చెప్పొద్దన్నది. తంబాకు డబ్బల అడుగున పెట్టుకుంటదట."

ఊరంతా చూడాలని ఎనిమిది అడుగుల మీద కట్టిన ముఖం, ఆ ఊళ్లో చివరికి ఒక తంబాకు డబ్బా అడుగున మిగలబోతోంది. మూత తీసినప్పుడు మాత్రం ఆ ముసలామెకు తన తోడు బీడీలు చుట్టిన మనిషి కళ్లు బాగానే కనిపిస్తాయి.